1,712 రూపాయల బిట్‌కాయిన్ పంపడానికి 2,028 రూపాయల ఫీజు అడుగుతోంది, ఏం చేయాలి?

టవర్‌క్లాక్_సీను
మాది అనంతపురం. 2022లో ఒక విదేశీ సైటుకు సబ్‌టైటిల్స్ రాసిచ్చేవాణ్ణి. వాళ్లు డబ్బులు బిట్‌కాయిన్‌లో, కొంచెం కొంచెంగా నా ఫోన్ వాలెట్‌కు వేసేవాళ్లు. ఆ సైటు మూతపడి చాలా రోజులైంది. మొన్న పాత ఫోను చార్జింగ్‌కు పెట్టి చూస్తే వాలెట్‌లో 21,400 సతోషీలు కనిపించాయి. పది కోట్ల సతోషీలు కలిస్తే ఒక బిట్‌కాయిన్. కాయిన్ 80 లక్షలు అనుకుంటే 1,712 రూపాయలు. సరే, ఎక్స్ఛేంజ్‌కు పంపి అమ్మేద్దామని మొత్తం పెట్టి నొక్కితే ఫీజు 25,356 సతోషీలట! అంటే 2,028 రూపాయలు. కింద ఎర్రగా Insufficient funds అని వస్తోంది. నా డబ్బు నేను పంపుకోవడానికి నా డబ్బు చాలదంట. ఇదేం న్యాయమప్పా?

కారందోశ_కడప
శవం కంటే పాడె బరువైంది సీనూ.

బురుజుకాడ_బాషా
మొత్తం పంపితే ఫీజు ఎక్కువే వస్తుంది. సగం పంపి చూడు. తక్కువ పంపితే తక్కువ ఫీజు.

పెన్నాగట్టు
బాషా భాయ్ చెప్పింది సగం నిజం. బిట్‌కాయిన్‌లో ఫీజుకు, పంపే మొత్తానికి సంబంధం లేదు. కోటి రూపాయలు పంపినా, వంద పంపినా ఒకే ఫీజు పడొచ్చు. ఆ లావాదేవీ బ్లాకులో, అంటే బిట్‌కాయిన్ లెక్కల పుస్తకంలో ఒక పేజీలో, ఎంత జాగా తింటుందో దానికే డబ్బు. సీనూ, నీకు ఆ సైటువాళ్లు మొత్తం ఎన్నిసార్లు వేశారు? వాలెట్ హిస్టరీలో వచ్చినవి లెక్కపెట్టి చెప్పు. అడ్రస్ 1తో మొదలవుతుందా, bc1తోనా అది కూడా చెప్పు.

టవర్‌క్లాక్_సీను
14 సార్లు పడింది. రెండు కాస్త పెద్దవి, 6,200 ఒకటి, 4,800 ఒకటి. మిగతా 12 చిల్లర: 1,500, 1,300, 1,100, 1,000, 900, 800, 700 రెండు, 600 నాలుగు. అడ్రస్ 1తోనే మొదలవుతుంది.

హంద్రీ_నీవా
పాత రకం అడ్రస్, దాంతోనే వచ్చింది తంటా. bc1 అడ్రస్‌కు మార్చుకో, ఫీజు సగానికి పడిపోతుంది. నేను అట్లనే చేసుకున్నా.

పెన్నాగట్టు
హంద్రీ అన్నా, కొత్తగా వచ్చే డబ్బు bc1 అడ్రస్‌కు వస్తే మీరన్నది కరెక్టే. కానీ సీను దగ్గర ఇప్పటికే పడిపోయిన 14 ముక్కలు పాత అడ్రస్‌లో ఉన్నాయి. వాటిని bc1కు మార్చడం కూడా ఒక లావాదేవీయే కదా, ఆ ఫీజు కట్టకుండా మార్చలేడు.

అసలు సంగతి చెబుతా. వాలెట్‌లో 21,400 అని ఒకే అంకె కనిపిస్తుంది గానీ లోపల అది ఒకే కుప్ప కాదు. పడిన ప్రతి మొత్తమూ ఒక విడి ముక్కగానే ఉంటుంది. పంపేటప్పుడు ఎన్ని ముక్కలు కలిపితే అన్నింటికీ విడివిడిగా సంతకాలు పెట్టాలి, వాటికే జాగా పడుతుంది. మన దగ్గర శనక్కాయల బస్తాలు లారీకి వేస్తే బస్తాకు ఇంత అని కిరాయి తీసుకుంటారు. లోపల నిండుగా ఉందా, అడుగున నాలుగు కాయలే ఉన్నాయా అని లారీవాడు చూడడు. సీను దగ్గర ఉన్నవి 14 బస్తాలు, అందులో 12 దాదాపు ఖాళీవి.

పాత అడ్రస్‌లో ఒక్కో ముక్కకు సుమారు 148 బైట్లు పడతాయి. 14 ముక్కలకు 2,072. చేరే అడ్రస్‌కు, పైఖర్చుకు ఇంకో 41 వేసుకో, 2,113. ఇప్పుడు నీ వాలెట్ బైటుకు 12 సతోషీల రేటు పెట్టింది. గుణిస్తే 25,356. నీకు చూపించిన అంకె సరిగ్గా అదే. వాలెట్ మోసం చేయలేదు, ఎక్స్ఛేంజ్‌కూ ఇందులో పైసా పోదు. అది లావాదేవీలను బ్లాకుల్లోకి ఎక్కించే మైనర్లకు పోయే డబ్బు.

కారందోశ_కడప
శనక్కాయల లెక్కలో చెబితే గానీ అనంతపురమోళ్లకు ఎక్కదు.

టవర్‌క్లాక్_సీను
@కారందోశ నీకు మాత్రం దోశల లెక్కలో చెప్పాలి లే.
@పెన్నాగట్టు అన్నా, ఇప్పుడు అర్థమైంది. అంటే ఆ రెండు పెద్ద ముక్కలనే పంపితే?

పెన్నాగట్టు
అదే చెప్పబోతున్నా. బైటుకు 12 రేటు మీద ఒక్క ముక్కను కదిలించడానికి 148 × 12, అంటే 1,776 సతోషీలు కావాలి. నీ చిల్లర ముక్కల్లో అన్నిటికన్నా పెద్దది 1,500. అంటే ఇవాళ ఆ 12 ముక్కల్లో ఏది కలిపినా నీకొచ్చే డబ్బు పెరగకపోగా తగ్గుతుంది. పెద్దవి రెండే పంపితే 337 బైట్లు, ఫీజు 4,044. 11,000లో అది పోతే 6,956 చేతికొస్తుంది, 556 రూపాయలు. బాషా భాయ్ ‘సగం పంపు’ అన్న మాట ఇక్కడ పనికొస్తుంది, కాకపోతే కారణం వేరు.

దీనికి ముక్కలు ఏరుకునే సౌకర్యం ఉన్న వాలెట్ కావాలి. చాలా ఫోన్ వాలెట్లలో అది కనిపించదు. కంప్యూటర్‌లో ఎలక్ట్రమ్ వేసుకుంటే View మెనూలో Coins అని ఉంటుంది. అది తెరిస్తే ముక్కలన్నీ వరసగా కనిపిస్తాయి. కావాల్సినవాటి మీద రైట్ క్లిక్ చేసి Add to coin control నొక్కి, Send పేజీలో Max పెడితే ఏరుకున్నవి మాత్రమే పోతాయి.

మామిళ్ల_మాధవి
ఆగండాగండి. సీనూ, నీ ఎక్స్ఛేంజ్‌లో బిట్‌కాయిన్ కనీస డిపాజిట్ ఎంతో చూశావా? ముందు అది చూడు, తర్వాతే పంపు. మా తమ్ముడు కర్నూలులో హాస్టల్లో ఉన్నప్పుడు తెలియక కనీసం కన్నా తక్కువ పంపాడు. చైన్ మీద చేరినట్టు కనిపిస్తుంది, అకౌంట్లో మాత్రం సున్నా. కస్టమర్ కేర్‌ను అడిగితే, రూల్స్ పేజీలో ముందే రాశాం, వేయలేం అన్నారు.

టవర్‌క్లాక్_సీను
ఇప్పుడే చూశా అక్కా. డిపాజిట్ పేజీలో అడ్రస్ కింద చిన్నక్షరాల్లో ఉంది, 0.0001 అని. అంటే 10,000 సతోషీలు.

మామిళ్ల_మాధవి
చూశావా. 6,956 పంపి ఉంటే అదీ పోయేది.

పెన్నాగట్టు
మాధవిగారు చెప్పింది నిజం. అట్లయితే ఇవాళ పంపే దారి మూసుకుపోయినట్టే. రేటు తగ్గే వరకు ఆగాల్సిందే.

గుత్తికోట_గిరి
నాకూ ఇదే సమస్య అన్నా! ఎక్స్ఛేంజ్‌లో ఒక కాయిన్ 43 రూపాయలది మిగిలిపోయింది. బయటికి తీయబోతే విత్‌డ్రా ఫీజు 90 అంటోంది. నేనూ ముక్కలు ఏరుకోవాలా?

మామిళ్ల_మాధవి
గిరీ, నీది వేరే కేసు. నీ కాయిన్ ఎక్స్ఛేంజ్ సొంత వాలెట్‌లో ఉంది, నీ పేరు మీద వాళ్ల పుస్తకంలో అంకె మాత్రమే ఉంది. ఆ 90 వాళ్లు పెట్టుకున్న ధర. అక్కడే రూపాయలకు అమ్మేయి, విత్‌డ్రా గొడవే ఉండదు. అమ్మడానికీ కనీస మొత్తం అడ్డొస్తే, చిన్న మిగుళ్లన్నీ కలిపి వేరే కాయిన్‌గా మార్చే ఆప్షన్ కొన్ని ఎక్స్ఛేంజ్‌లలో ఉంటుంది. అది వెతుకు.

గుత్తికోట_గిరి
ఓ. అమ్మడానికి కనీసం 100 అంట. అయితే ఆ 43ను పటం కట్టించుకుంటా.

యాగంటి_యశ్వంత్
నా దగ్గర ట్రాన్ నెట్‌వర్క్‌లో 18 డాలర్ల యుఎస్‌డిటి ఇరుక్కుంది. అందులోంచే ఫీజు పట్టుకోమంటే పట్టుకోదు. ఇది కూడా బస్తాల లెక్కేనా?

పెన్నాగట్టు
కాదు యశ్వంత్. అక్కడ ముక్కల గోల లేదు, ఉన్నదంతా ఒకే ఖాతా. కానీ ట్రాన్‌లో ఫీజు దాని సొంత కాయిన్ టిఆర్‌ఎక్స్‌లోనే కట్టాలి. యుఎస్‌డిటి ఎంతున్నా, టిఆర్‌ఎక్స్ లేకపోతే కదలదు. అదే అడ్రస్‌కు కాస్త టిఆర్‌ఎక్స్ తెప్పించుకుంటే పని అయిపోతుంది. నువ్వు పంపే అడ్రస్‌లో అంతకుముందు యుఎస్‌డిటి లేకపోతే ఖర్చు రెట్టింపు దాకా అవుతుంది, అది గుర్తుపెట్టుకుని కాస్త ఎక్కువే తెప్పించు. సీనుకు మాత్రం ఇట్లా బయటినుంచి వేసినా లాభం లేదు. ఇంకో బిట్‌కాయిన్ ముక్క వేస్తే అది పదిహేనో బస్తా అవుతుంది, అంతే.

క్రిప్టో_గురు_99
సీను గారు మీ సమస్యకు పరిష్కారం నా దగ్గర ఉంది. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. 12 పదాలు పంపితే స్పెషల్ టూల్‌తో ఫీజు లేకుండా తీసి ఇస్తాను. సర్వీస్ చార్జి 200 మాత్రమే. 100% గ్యారంటీ.

కారందోశ_కడప
వచ్చినాడు దిగి. ఇంకా రాలేదేందా అనుకుంటున్నా.

బురుజుకాడ_బాషా
సీనూ, పంపొద్దు! ఆ 12 పదాలు ఇస్తే వాలెట్ తాళం ఇచ్చినట్టే. ఈ అకౌంట్ చేరి ఒక్క రోజు కూడా కాలేదు చూడు.

వేదిక_నిర్వాహకుడు
క్రిప్టో_గురు_99ను తీసేశాం. ఎవరికైనా అతని నుంచి ప్రైవేట్ మెసేజ్ వచ్చి ఉంటే రిపోర్ట్ కొట్టండి. అతని పోస్టు మాత్రం అందరూ చూడాలని ఉంచాం.

టవర్‌క్లాక్_సీను
నాకు అప్పుడే మెసేజ్ పెట్టినాడు. రిపోర్ట్ కొట్టినా.
సరే పెన్నాగట్టు అన్నా, రేటు తగ్గేదాకా ఆగాలి అన్నావు. ఎంతకు తగ్గాలి? ఎట్లా తెలుస్తుంది?

పెన్నాగట్టు
mempool.space తెరువు. పైన No Priority, Low Priority అంటూ రేట్లు ఉంటాయి, సతోషీల్లో. నువ్వు అర్జెంటు కాదు కాబట్టి ఎడమ చివరి అంకె చూసుకో.

ఎంతకు తగ్గాలో నీ ముక్కలే చెబుతాయి. అన్నిటికన్నా చిన్నవి 600 కదా. 600ను 148తో భాగిస్తే నాలుగు చిల్లర. అంటే రేటు 4 దాటినంత కాలం ఆ 600 ముక్కలు తెచ్చేదానికన్నా తినేది ఎక్కువ. 2కు వస్తే ఒక్కో ముక్కకు ఖర్చు 296, అప్పుడు అన్నీ లాభమే. 14 ముక్కలూ కలిపి 2 రేటుకు పంపితే ఫీజు 4,226, అంటే 338 రూపాయలు. 17,174 మిగులుతుంది. ఎక్స్ఛేంజ్ పెట్టిన 10,000 గీత కూడా దాటుతుంది. రేటు 1 అయితే ఇంకా మేలు, ఫీజు 169 రూపాయలే.

హంద్రీ_నీవా
ఆదివారం పొద్దున్నే తగ్గుతుంది. నేనెప్పుడూ అప్పుడే పంపుతా.

పెన్నాగట్టు
చాలాసార్లు తగ్గుతుంది, కానీ ఆదివారమని రాసిపెట్టి ఏమీ లేదు. 2024 ఏప్రిల్ 20 శనివారం. ఆ రోజే మైనర్లకు వచ్చే కొత్త కాయిన్లు సగానికి తగ్గే హాల్వింగ్ జరిగింది, అదే బ్లాకులో బిట్‌కాయిన్ మీద కొత్త టోకెన్లు చేసుకునే రూన్స్ మొదలైంది. బైటుకు వెయ్యి సతోషీలు దాటిన రేట్లు చూశాం. శనివారమైనా ఎవరూ కనికరించలేదు. ఆ రేటుకు సీను పంపాలంటే ఫీజే ఒకటిన్నర లక్ష రూపాయలు దాటేది.

కారందోశ_కడప
1,712 కోసం లక్షన్నర. దీన్ని మా ఊళ్లో పౌరుషం అంటారు.

మామిళ్ల_మాధవి
నాదొక అనుమానం. 2 రేటు పెట్టి పంపాక మళ్లీ రేటు ఎగిరితే? లావాదేవీ మధ్యలో ఇరుక్కుని డబ్బు పోదా?

పెన్నాగట్టు
పోదు. బ్లాకులోకి ఎక్కేదాకా ఆ ముక్కలు సీను పేరు మీదే ఉంటాయి. నెట్‌వర్క్‌ను నడిపే కంప్యూటర్లను నోడ్లు అంటారు. చాలా నోడ్లు 336 గంటలు, అంటే 14 రోజులు దాన్ని గుర్తుపెట్టుకుని తర్వాత వదిలేస్తాయి. మళ్లీ పంపుకోవచ్చు. ఆగలేకపోతే ఫీజు పెంచి తిరిగి పంపే వీలుంది. మొత్తం పంపుతున్నాడు కాబట్టి ఆ పెంచిన ఫీజు చేరే డబ్బులోంచే తగ్గుతుంది. ఎంత పెంచినా చేరేది 10,000 కన్నా కిందికి పోకుండా చూసుకోవాలి, లేకపోతే మీ తమ్ముడి కథే అవుతుంది.

హంద్రీ_నీవా
ఇప్పుడు 1 కన్నా తక్కువకే బ్లాకులోకి ఎక్కుతున్నాయి. 2025లో నోడ్లు నడిపే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్ కొత్త వెర్షన్‌లో కనీస రేటు 0.1కు దించారు. సీను 0.5 పెట్టుకోవచ్చు కదా?

పెన్నాగట్టు
పెట్టుకోవచ్చు. కానీ పాత వెర్షన్ నోడ్లు దాన్ని తీసుకోవు, వాలెట్ కలిసిన సర్వర్ అలాంటిదైతే అక్కడే తిప్పికొడుతుంది. 1కీ 0.5కీ మధ్య సీనుకు మిగిలేది 85 రూపాయలు. దానికోసం నేనైతే అంత కష్టపడను.

హంద్రీ_నీవా
నేను పడతా. 85కు పూర్తి భోజనం వస్తుంది.

టవర్‌క్లాక్_సీను
ఎలక్ట్రమ్ దించి నా పాత వాలెట్ 12 పదాలు కొట్టినా. తప్పు పదాలు అన్నట్టు Next బటన్ నొక్కనివ్వడం లేదు. పదాలు కాగితంలో ఉన్నవే, రెండుసార్లు చూసినా.

పెన్నాగట్టు
పదాలు సరైనవే అయి ఉంటాయి. ఎలక్ట్రమ్ సొంత పదాల పద్ధతి వేరు, మిగతా వాలెట్లవి వేరు. పదాలు కొట్టే తెరలోనే Options ఉంటుంది, అందులో BIP39 టిక్ పెట్టు. తర్వాతి తెరలో Detect Existing Accounts నొక్కితే అదే వెతికి పాత రకం అడ్రస్‌లను చూపిస్తుంది. అది నొక్కకుండా bc1 రకం ఎంచుకుంటే ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది. అది చూసి కంగారుపడకు. ఇంకొకటి, electrum.org నుంచే దించావు కదా? 2018 చివర్లో అప్‌డేట్ చేసుకోండి అని నకిలీది అంటగట్టి చాలామంది డబ్బు కొట్టేశారు.

టవర్‌క్లాక్_సీను
ఆ సైటు నుంచే అన్నా. టిక్ పెట్టగానే వచ్చేసింది, 14 ముక్కలూ వరసగా కనిపిస్తున్నాయి. అయితే ఒకటి విచిత్రం. సైటువాళ్లు వేసినవి 2022 నవంబర్‌తో ఆగిపోయాయి. 600 ముక్కల్లో ఒకటి మాత్రం 2024లో పడింది. ఎవరు పంపారో తెలియదు. లక్ష్మీదేవి తలుపు తట్టిందేమో?

పెన్నాగట్టు
అది ముట్టుకోకు. ఊరికే డబ్బు పంపేవాడు ఎవడూ ఉండడు. వేలకొద్దీ అడ్రస్‌లకు ఇలా పిడికెడు విసురుతారు. నువ్వు దాన్ని మిగతావాటితో కలిపి ఖర్చుపెడితే, ఏ ఏ అడ్రస్‌లు ఒకే మనిషివో వాళ్లకు తెలిసిపోతుంది. Coins లో దాని మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీజ్ చేసేయి.

బురుజుకాడ_బాషా
పెన్నా అన్నా, 1,700 రూపాయల మనిషి మీద నిఘా పెట్టి ఎవడేం చేసుకుంటాడు? కలిపి పంపేయనీ. ఎలాగూ ఎక్స్ఛేంజ్‌కు పాన్, ఆధార్ ఇచ్చే ఉన్నాడు.

పెన్నాగట్టు
బాషా భాయ్, ఆ మాటా కొట్టిపారేయలేను. కానీ 2 రేటుకు ఆ ముక్క వల్ల మిగిలేది 304 సతోషీలు, 24 రూపాయలు. దానికోసం ఎందుకు అని నా లెక్క.

మామిళ్ల_మాధవి
పన్ను సంగతి ఎవరూ అనలేదు. సొంత వాలెట్ నుంచి ఎక్స్ఛేంజ్‌కు పంపితే పన్ను లేదు. అక్కడ అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం, పైన సెస్సు. కొన్న ధర తప్ప ఈ నెట్‌వర్క్ ఫీజును ఖర్చుగా చూపించడానికి చట్టం ఒప్పుకోదు.

యాగంటి_యశ్వంత్
అతను కొనలేదు కదా అక్కా, పని చేసి సంపాదించాడు. కొన్న ధర సున్నా అనాలా, పడిన రోజు విలువ అనాలా?

మామిళ్ల_మాధవి
పడిన రోజు విలువను జీతంలాగా ఆదాయంలో చూపించి ఉంటే అదే కొన్న ధర అని మా ఆడిటర్ వాదన. చూపించకపోతే మాత్రం చిక్కే. 2022లో రిటర్న్ వేశావా సీనూ?

కారందోశ_కడప
సీను ఆన్‌లైన్‌లో లేడు. ఇప్పుడే పోయాడు.

టవర్‌క్లాక్_సీను
ఉన్నా ఉన్నా. రిటర్న్ మాట తర్వాత మాట్లాడదాం.
ఈ పొద్దు తెల్లారి చూస్తే రేటు 2కు వచ్చింది. ఆ తెలియని 600ను ఫ్రీజ్ చేసి మిగతా 13 ముక్కలు ఏరుకుని Max పెట్టినా. 1,965 బైట్లు, ఫీజు 3,930. ఎక్స్ఛేంజ్‌కు పోయేది 16,870 సతోషీలు, 1,349 రూపాయలు. పంపేశా. ఇప్పుడు Unconfirmed అని చూపిస్తోంది.

పెన్నాగట్టు
బాగుంది. ఎక్స్ఛేంజ్‌వాళ్లు కూడా కొన్ని బ్లాకులు గడిచాకే వేస్తారు, గంటకొకసారి తెరిచి చూడొద్దు.

గుత్తికోట_గిరి
అన్నా, నా 43 రూపాయలకు ఎవరైనా ఇంకో 57 అప్పు ఇస్తారా? అమ్మగానే తిరిగి ఇచ్చేస్తా.

హంద్రీ_నీవా
అదే కాయిన్‌ను ఇంకో 60 రూపాయలకు అక్కడే కొనుక్కో గిరీ, 100 దాటుతుంది. తర్వాత మొత్తం కలిపి అమ్మేయి.

గుత్తికోట_గిరి
కొనడానికీ కనీసం 100 అంటున్నాడు.

హంద్రీ_నీవా
అయితే 100కే కొను. 143 అవుతుంది, ఒకేసారి అమ్ము. టీడీఎస్ ఒక శాతం పట్టుకుంటాడు, అది రిటర్న్‌లో చూసుకో.

టవర్‌క్లాక్_సీను
మధ్యాహ్నానికి పడింది. ఇంకా అమ్మలేదు. మాధవక్కా, ఆ ఆడిటర్ ఎంత తీసుకుంటాడు?

మామిళ్ల_మాధవి
1,349 కన్నా ఎక్కువే.